డిస్లెక్సియా ఉన్న పిల్లలు చదవడానికి ఎందుకు తడబడతారు

మూడో తరగతి బాబు నోటితో అన్నీ చెప్తాడు, చదవమంటే తడబడతాడు. డిస్లెక్సియా కావచ్చంటున్నారు. అంటే తెలివి తక్కువా, కంటి లోపమా?

రెండూ కాదండీ, మాటలోని శబ్దాలను విడదీసి అక్షరాలతో కలుపుకోవడంలో ఉండే ఇబ్బంది ఇది. అలవాటైన మాట మనకు చూడగానే నోటికొస్తుంది. ఈ పిల్లలు ప్రతిసారీ కూడబలుక్కోవాలి. 'పుస్తకం'లో తావత్తు వదిలేసి 'పుసకం' అంటారు, నాలుగు లైన్ల తర్వాత అదే మాట దగ్గర మళ్లీ ఆగుతారు. ఆ పాఠాన్నే మీరు చదివి వినిపిస్తే జవాబులు చకచకా చెప్తారు.

అక్షరాలు తిరగబడి కనిపిస్తాయన్నది అపోహ. ఇంగ్లీషు చిన్న బి, డి తారుమారు చేయడం చదువు మొదలుపెట్టిన చాలామంది పిల్లల్లో మామూలే. చూపు పరీక్ష చేయించండి, కానీ కళ్లద్దాలతో ఇది పోదు. పదేసిసార్లు ఇంపోజిషన్ రాయించినా అంతే. శబ్దాన్నీ అక్షరాన్నీ మెట్టుమెట్టుగా జోడిస్తూ నేర్పాలి.