కాళ్లు చల్లబడటం, అడుగు పడకపోవడం

సందేహం: సార్, నేను దేవరకొండలో డిగ్రీ చదువుతున్నాను. ఒక ఇంగ్లిష్ కథను తెలుగు చేస్తున్నాను. పెళ్లి ముందురోజు పెళ్లికొడుకు ‘గాట్ కోల్డ్ ఫీట్’ అని అందులో ఉంది. ‘అతని కాళ్లు చల్లబడ్డాయి’ అని రాసి మా నాయనమ్మకు వినిపిస్తే, ‘అయ్యో, పిలగానికేమైంది? పానం మంచిగుందా?’ అని అడిగింది. నిఘంటువులో ‘భయపడి వెనక్కి తగ్గడం’ అని అర్థం దొరికింది గానీ దానికి తగిన తెలుగు మాట దొరకడం లేదు. ఎట్లా వెతకాలి?

సమాధానం: మీ నాయనమ్మ సరిగ్గానే విన్నదమ్మా. మన దగ్గర కాళ్లు చేతులు చల్లబడ్డాయంటే మనిషి సొమ్మసిల్లాడనో, ప్రాణం మీదికి వచ్చిందనో అర్థం. మంచం పక్కన కూర్చున్నవాళ్లు అరికాళ్లు తడిమి చూసి చెప్పే మాట అది. మీరు ఇంగ్లిష్ మాటను తెచ్చి పెట్టిన చోట అప్పటికే ఒక తెలుగు అర్థం ఉంది. ఆమెకు వినబడింది ఆ అర్థమే.

మాటకు మాట పెట్టినప్పుడు జాతీయం రెండు రకాలుగా చెడుతుంది. కుండపోతగా వాన పడుతోందనడానికి ‘పిల్లులూ కుక్కలూ కురుస్తున్నాయి’ అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఆ తప్పు వెంటనే దొరుకుతుంది కాబట్టి దానితో పెద్ద నష్టం లేదు. చదివినవాళ్లకు అర్థమై, అదీ వేరే అర్థమైతేనే చిక్కు. చూసీ చూడనట్టు ఊరుకోవడానికి ఇంగ్లిష్‌లో కంటికి సంబంధించిన జాతీయం ఉంది. దాన్ని పట్టుకుని ‘అధికారి కన్ను మూశారు’ అని రాస్తే ఆయన పోయారని చదువుతాం. ‘కళ్లు మూసుకున్నారు’ అంటే మాత్రం పట్టించుకోలేదని. కన్ను కళ్లయి, క్రియకు ‘కొను’ చేరేసరికి అర్థం మొత్తం మారిపోయింది. జాతీయంలో మాటలే కాదు, వాటి రూపాలు కూడా కదలకూడదు.

చల్లదనం సంగతే చూడండి. ఎండాకాలం మన నల్లగొండలో, పాలమూరులో బండలు కాలుతుంటాయి. ఇక్కడ చల్లన అంటే హాయి. ‘నీ కడుపు చల్లగుండ’ అని దీవిస్తాం, ‘చల్లగా బతుకు బిడ్డా’ అంటాం. కోపం తగ్గిన మనిషి చల్లబడ్డాడు. ‘చావు కబురు చల్లగా చెప్పాడు’ అన్నప్పుడు ఆ చల్లనకు తాపీతనం అర్థం. ఇంగ్లిష్‌వాళ్లది చలిదేశం. వాళ్లకు వెచ్చదనం ఆప్యాయత, చల్లదనం అనాదరణ. అందుకే ‘వెచ్చటి స్వాగతం’ అని పత్రికల్లో చూసినప్పుడల్లా నాకు ఆ మాట మన నోటి నుంచి రాలేదనిపిస్తుంది. మనం ‘కడుపులో పెట్టుకుని చూసుకున్నారు’ అంటాం, లేదా ఎదురొచ్చి కాళ్లకు నీళ్లిచ్చారని జరిగింది జరిగినట్టు చెప్తాం.

అలాగని తర్జుమా అయి వచ్చినవన్నీ చెడ్డవని కాదు. ‘పచ్చజెండా ఊపారు’ అన్నది బాగా కలిసిపోయింది. మహబూబ్‌నగర్ స్టేషన్‌లో గార్డు జెండా ఊపడం అందరూ చూసినదే. పైగా ఆ మాటలకు తెలుగులో అంతకుముందు వేరే అర్థం లేదు. ఈ రెండూ కుదిరితే బయటినుంచి వచ్చిన మాటైనా నిలుస్తుంది.

తెలుగు నుంచి ఇంగ్లిష్‌కు వెళ్లేటప్పుడు నేను చేసిన తప్పొకటి చెప్తాను. చాలా ఏళ్ల కింద మర్రిగూడ వైపు ఒక ఊరివాళ్లు మంచినీళ్ల కోసం రాసుకున్న అర్జీని ఇంగ్లిష్ చేసిపెట్టమన్నారు. అందులో ‘ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేటట్టు తిరిగినం’ అని ఉంది. నేను కాళ్లు అరిగిపోయాయని ఉన్నదున్నట్టు రాశాను. అది ఫ్లోరైడ్ ప్రాంతం. ఆ నీళ్లు తాగి ఎముకలు వంకరపోయినవాళ్లు, నడుం వంగినవాళ్లు ఉన్న ఊరు. తెలుగు రాని అధికారి ఆ వాక్యాన్ని జబ్బు కింద చదివి, ఎంతమందికి కాళ్లు పోయాయని అడిగాడు. ఏళ్ల తరబడి తిప్పించుకున్నారన్న అసలు ఫిర్యాదు ఆయనకు అందనే లేదు. ‘ఫ్రమ్ పిల్లర్ టు పోస్ట్’ అన్న జాతీయం అక్కడ రాయాల్సింది. అందులో కాళ్లు లేవు, కానీ తిప్పట ఉంది. ఆ వాక్యం ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

ఇక మీ పెళ్లికొడుకు దగ్గరికి వద్దాం. ముందు బొమ్మను తీసేసి, మిగిలిన అర్థాన్ని ఒక మామూలు వాక్యంగా రాసుకోండి: ముందు ఒప్పుకున్నాడు, సమయం దగ్గరపడింది, భయం పుట్టింది, ముందుకు పోలేకపోతున్నాడు. ఈ నాలుగూ ఉంటేనే అది ‘కోల్డ్ ఫీట్’. పిల్ల మీద కోపమొచ్చి మానుకుంటే కాదు, కట్నం దగ్గర పేచీ వచ్చి ఆగినా కాదు.

తర్వాత పెద్దవాళ్లను అడగండి. ‘దీనికి తెలుగులో ఏమంటారు’ అని అడిగితే వాళ్లు ఆలోచనలో పడతారు. ‘ఒక పిలగాడు లగ్గానికి ఒప్పుకున్నడు, తెల్లారితే లగ్గమనంగ భయపడుతున్నడు’ అని సంగతి చెప్పండి. మాట దానంతట అదే వస్తుంది. నేను ఇట్లా అడిగినప్పుడు ‘ఎనకముందాడుతున్నడు’, ‘జంకిండు’, ‘గుండె జారింది’, ‘మాట తప్పిండు’, ‘అడుగు పడుతలేదు’ అన్నవి వచ్చాయి.

వీటిని ఆ నాలుగు ముక్కలతో పోల్చి చూడాలి. వెనకముందాడేవాడు ఇంకా ఏదీ తేల్చుకోనివాడు. మీ పెళ్లికొడుకు తేల్చుకున్నాకే భయపడ్డాడు. జంకడం దగ్గరిదే గానీ, ఎదురుగా ఉన్నదాన్ని చూసి ఒక్క క్షణం తగ్గడం అందులో ఎక్కువ. గుండె జారడానికి హఠాత్తుగా ఏదైనా వినాలి లేదా చూడాలి. మాట తప్పాడంటే తప్పు అతనిదని తీర్పు చెప్పినట్టు అవుతుంది, మీ కథకుడు ఆ తీర్పు చెప్పాడా చూసుకోండి. ‘అడుగు ముందుకు పడలేదు’ అన్నదాంట్లో పోవాలన్న ఇష్టం ఉంది, పోలేకపోవడమూ ఉంది, నింద లేదు. మూల జాతీయంలోని పాదం కూడా దానంతట అదే వచ్చి చేరింది. అది కలిసొచ్చిన సంగతి మాత్రమే, దానికోసం వెతకక్కర్లేదు.

ఒక్క లోటు ఉంది. భయం వల్లనే అడుగు పడలేదని ఆ మాట ఒక్కటే చెప్పదు. అందుకని పక్కన ఒక చిన్న మాట చేర్చాలి: ‘తెల్లారితే పెళ్లి. ఒప్పుకున్నవాడే, కానీ లోపల ఏదో గుబులు. అడుగు ముందుకు పడలేదు.’ ఇంగ్లిష్‌లో మూడు మాటలు తెలుగులో మూడు వాక్యాలైనా ఫరవాలేదు. అదే కథలో ఇంకోచోట, స్నేహితుడు ఎగతాళి చేస్తూ ఆ మాట అంటే ఇది పనికిరాదు. అక్కడ ‘ఏందిరా, టెన్షనా?’ అంటే చాలు.

నిఘంటువు చూసేటప్పుడు ఇంగ్లిష్-తెలుగు నిఘంటువుతో ఆగిపోకండి. అది అర్థం చెప్తుంది, మన పలుకుబడి అన్నిసార్లూ చెప్పదు. తెలుగు నిఘంటువులో ‘కాలు’, ‘అడుగు’, ‘గుండె’ అన్న మాటల కింద ఏయే ప్రయోగాలు ఇచ్చారో చదవండి. ఎంత వెతికినా దొరక్కపోతే ‘భయపడి వెనక్కి తగ్గాడు’ అని తేటగా రాయండి. అతకని జాతీయం కన్నా అది మేలు.

రాసిన మూడు వాక్యాలను మళ్లీ మీ నాయనమ్మకు వినిపించండి. ఆమె ‘ఎందుకట? పిల్ల నచ్చలేదా?’ అని అడిగితే, ఈసారి వాక్యం కుదిరినట్టు.