ఎక్స్‌రే నార్మల్ అయినా గర్భసంచిలో టీబీ ఉండొచ్చు

"ఏడాదిగా నెలసరి లేదు, పిల్లల్లేరు. హార్మోన్లు నార్మల్. ఈస్ట్రోజన్, ప్రొజెస్టెరాన్ మాత్రలు వాడి ఆపినా బ్లీడింగ్ కాలేదు. ఛాతీ ఎక్స్‌రే బాగానే ఉంది, అయినా బెంగళూరు డాక్టరు టీబీ టెస్ట్ అంటున్నారు. ఎందుకు?"

మీ డాక్టరు అనుమానం సబబేనండీ. మాత్రలు ఆపినా బ్లీడింగ్ కాలేదంటే లోపం చాలావరకు గర్భసంచి లోపలి పొరలోనే ఉంటుంది. టీబీ ట్యూబుల నుంచి ఆ పొరకు పాకి, దాన్ని మచ్చకట్టించి అతికించేస్తుంది. ఊపిరితిత్తుల్లో అప్పటికే మానిపోయి ఉండొచ్చు. ఇదివరకు గర్భసంచిని గీకి శుభ్రం చేసే డీ అండ్ సీ జరిగుంటే మాత్రం తప్పక చెప్పండి, దానివల్లా పొర అతుక్కుంటుంది.

గర్భసంచిలోకి సన్నటి కెమెరా పంపే హిస్టెరోస్కోపీతో లోపల చూసి పొర ముక్క తీస్తారు. మొత్తం ఫార్మలిన్‌లో వేయొద్దని ముందే అడగండి, అందులో క్రిములు చచ్చిపోయి, వాటిని ల్యాబులో పెంచి చూసే కల్చర్ రాదు. కొంత ఫార్మలిన్‌లో బయాప్సీకి, మిగతాది సెలైన్‌లో, టీబీ క్రిమి జన్యువుల్ని పట్టే సీబీనాట్ పరీక్షకి, కల్చర్‌కి వెళ్లాలి. కల్చర్‌కి వారాలు పడుతుంది. క్రిములు తక్కువగా ఉంటాయి కాబట్టి నెగెటివ్ వచ్చినంత మాత్రాన టీబీ లేదనుకోకండి. అనుమానం మిగిలితే పొట్టలోకి కెమెరా పంపి చూసే లాపరోస్కోపీ చేస్తారు.