యాక్సిడెంట్ దాచి అమ్మిన డీలర్‌కు ఉత్తరం ఎలా రాయాలి?

"రెండు నెలల కింద డీలర్ దగ్గర సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. యాక్సిడెంట్ అయిందని సర్వీసింగ్‌లో బయటపడింది. డబ్బు కొంత వెనక్కి ఇమ్మని, లేదా కారే తీసుకోమని ఎలా రాయాలి?"

ఉత్తరం కన్నా ముందు కాగితాలు చూసుకోండి. "నాకూ తెలియదు, పాత ఓనర్ చెప్పలేదు" అనేదే డీలర్ మొదటి జవాబు. అందుకని కంపెనీ సర్వీస్ సెంటర్లో కారు నంబరు మీద బాడీ రిపేర్ జాబ్‌కార్డు అడగండి. పాత ఇన్సూరెన్స్ పాలసీ దొరికితే నో క్లెయిమ్ బోనస్ చూడండి. ఒక ఏడాది అది సున్నాకు పడిపోతే అంతకుముందు క్లెయిమ్ తీసుకుని ఉండొచ్చు, ఆరా తీయాలి. వాట్సాప్‌లో "నాన్ యాక్సిడెంట్" అని డీలర్ రాసిన మెసేజ్ ఉంటే అదే అన్నిటికన్నా బలమైనది. బంపర్ గీతలు, డోర్ రీపెయింట్ మీద కేసు నిలబడటం కష్టం. దెబ్బ ఏప్రాన్, పిల్లర్, చాసిస్ లాంటి కారు చట్రం భాగాలు, ఎయిర్‌బ్యాగ్ దాకా వెళ్లి ఉంటేనే ధర గట్టిగా పడిపోతుంది.

తగ్గింపు అంకె ఊహించి వేయకండి. ఉదాహరణకు మీరిచ్చింది రూ. 6,20,000 అనుకుందాం. యాక్సిడెంట్ సంగతి చెప్పి ఇద్దరు వాల్యూయర్ల దగ్గర రాతపూర్వకంగా ధర తీసుకుంటే సగటు రూ. 4,90,000 వచ్చింది. తేడా రూ. 1,30,000, అంతే అడగాలి. ఉత్తరం ఇలా ఉంటే చాలు:

"ఫలానా తేదీన ఫలానా నంబరు కారు మీ దగ్గర రూ. 6,20,000కు కొన్నాను. 'నాన్ యాక్సిడెంట్' అని మీరు రాసిన మాట నమ్మే ఆ ధర ఇచ్చాను. జాబ్‌కార్డు ప్రకారం 2022లో కుడి ఏప్రాన్, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ మార్చారు. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రూ. 1,30,000 తిరిగి ఇవ్వండి. లేదా కారు తీసుకుని రూ. 6,20,000తో పాటు ట్రాన్స్‌ఫర్, ఇన్సూరెన్స్ ఖర్చులు చెల్లించండి. లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. జాబ్‌కార్డు, మెసేజ్, రసీదు, వాల్యుయేషన్ కాపీలు జతచేశాను."

తిట్లు, పోలీసు బెదిరింపులు వద్దు, రేపు కమిషన్ చదివేది ఈ కాగితమే. స్పీడ్ పోస్టులో పంపి డెలివరీ రుజువు దాచుకోండి. రసీదు ఎవరి పేరున ఉందో కూడా చూడండి. డబ్బు పాత ఓనర్ ఖాతాకు వెళ్లి ఉంటే డీలర్ "నేను మధ్యవర్తినే" అంటాడు, అప్పుడు ఇద్దరికీ పంపాలి.

సంగతి తెలిశాక కూడా వేల కిలోమీటర్లు తిప్పితే కారు వెనక్కి తీసుకోమనే వాదన పలచబడుతుంది. ఓడోమీటర్ ఫోటో తీసి, అవసరం మేరకే వాడండి. అవతలివాళ్లు చూసేదాకా రిపేర్ చేయించొద్దు.

కమిషన్‌కు వెళ్లడానికి విషయం మొదలైన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంది. పై ఉదాహరణలో చెల్లించిన ధర 5 లక్షల పైన, 10 లక్షల లోపు కాబట్టి ఫీజు రూ. 200.

డీలర్ కారు తీసుకోవడానికి ఒప్పుకుంటే, డబ్బు మీ ఖాతాలో పడేదాకా ఓనర్‌షిప్ ట్రాన్స్‌ఫర్‌కు వాడే ఫారం 29, 30 మీద సంతకం పెట్టకండి.