సాచురేషన్ ఉన్న లూప్‌లో ఆగని డోలనం

ప్రశ్న: “నా ప్లాంట్ 12/(s(s+1)(s+2)). ముందున్న యాంప్లిఫయర్ వాలు 1, హద్దు ±1. డోలనం పెరిగిపోకుండా ఒకచోట నిలిచింది, ఎందుకు?”

అయ్యా, ఈ ప్లాంట్ ఫేజ్ −180° కు చేరేది ω = √2 రేడియన్/సెకను వద్ద; అక్కడ గెయిన్ 12/6 = 2 కాబట్టి, A ఆంప్లిట్యూడ్ గల సైన్ తరంగానికి యాంప్లిఫయర్ ఇచ్చే సమాన గెయిన్, అంటే సాచురేషన్ డిస్క్రైబింగ్ ఫంక్షన్ N(A), సరిగ్గా 0.5 అయినప్పుడే డోలనం నిలకడగా సాగుతుంది. A > 1 అయినప్పుడు దాని సూత్రం ఇది:

```
N(A) = (2/π)[asin(1/A) + (1/A)√(1 − 1/A²)]
```

దీన్ని 0.5 కు సమానం చేస్తే, యాంప్లిఫయర్ ఇన్‌పుట్ వద్ద ఆంప్లిట్యూడ్ A ≈ 2.5, ఆవర్తన కాలం సుమారు 4.4 సెకన్లు వస్తాయి. ఆంప్లిట్యూడ్ ఇంతకు మించితే N తగ్గి డోలనం క్షీణిస్తుంది, తగ్గితే N పెరిగి డోలనం మళ్ళీ పుంజుకుంటుంది. అందువల్ల ఈ లిమిట్ సైకిల్ స్థిరమైనది. మూడో హార్మోనిక్ వద్ద ప్లాంట్ గెయిన్ దాదాపు 14 రెట్లు తక్కువ గనుక ఈ అంచనాను నమ్మవచ్చు.

ప్లాంట్ లవంలోని 12 ను 6 కంటే తగ్గిస్తే ఈ డోలనం ఉండదు. అప్పటికీ ఆగకపోతే గేర్ల బ్యాక్‌లాష్‌ను అనుమానించండి. దాని N ఫేజ్‌ను కూడా వెనక్కి లాగుతుంది కనుక పౌనఃపున్యం √2 కంటే తగ్గి కనిపిస్తుంది.