వెంటిలేటర్‌లో 80 శాతం ఆక్సిజన్ పెట్టినా నాన్నకి ఎందుకు పెరగట్లేదు?

"న్యుమోనియా ముదిరి, వాపుతో ఊపిరితిత్తుల్లో నీరు చేరే ఏఆర్‌డీఎస్ అన్నారు. 80 శాతం ఆక్సిజన్ ఇస్తున్నా రక్తంలో ఆక్సిజన్ పీడనం 64 దాటట్లేదు, పైగా ఒక్కో శ్వాసకి గాలి తక్కువే ఇస్తున్నారు, ఎందుకండీ?"

అండీ, 64ని 80 శాతం అంటే 0.8తో భాగిస్తే 80, ఈ లెక్క వంద లోపు అంటే ఏఆర్‌డీఎస్ తీవ్రమైనదే, అందుకే డాక్టర్లు అంత జాగ్రత్తగా ఉన్నారు. ఇన్ఫెక్షన్ వాపు వల్ల గాలి గదుల చుట్టూ ఉండే సన్న రక్తనాళాల గోడలు లీకై ప్రోటీన్ ఉన్న నీరు లోపలికి చేరుతుంది, ఆ గదుల పక్కగా వెళ్లే రక్తానికి గాలే తగలదు కాబట్టి ఆక్సిజన్ ఎంత పెంచినా ఆ రక్తం అలాగే తిరిగొచ్చి మంచి రక్తంలో కలుస్తుంది. మంచి గదుల రక్తం అప్పటికే నిండిపోయి ఉంటుంది, ఆ లోటు పూడ్చలేదు.

ఇక గాలి తక్కువ ఇవ్వడం అంటారా, గదుల్ని తెరిచి ఉంచే సర్ఫాక్టెంట్‌ని ఆ నీరు పాడుచేస్తుంది, చాలా గదులు మూసుకుపోయి పెద్దాయన ఛాతీలో చిన్నపిల్లాడి ఊపిరితిత్తి అంతే మిగులుతుంది. మామూలు గాలి అంతా అందులోకి తోస్తే ఆ మంచి గదులూ సాగి లీకవుతాయి. అందుకే ఎత్తుని బట్టి లెక్కేసిన బరువుకి కిలోకి 6 మి.లీ. చొప్పున, 170 సెం.మీ. మగవాళ్లకి సుమారు 400 మి.లీ. మాత్రమే ఇస్తారు. రోజుకి కనీసం 16 గంటలు బోర్లా పడుకోబెట్టే ఆలోచన ఉందా అని రేపు రౌండ్స్‌లో అడగండి, ఈ స్థాయిలో అది నిజంగా ప్రాణాలు కాపాడుతుంది.