లెక్చరర్ రెజ్యూమేలో వర్క్‌లోడ్, రిజల్ట్స్, రీసెర్చ్ ఎలా రాయాలి?

ప్రశ్న: యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న ఇంజినీరింగ్ కాలేజీలో ఆరేళ్లుగా ఈసీఈ చెబుతున్నాను. అటానమస్ కాలేజీలకూ ప్రైవేటు యూనివర్సిటీలకూ అప్లై చేస్తున్నా పిలుపు రావట్లేదు. పీహెచ్‌డీ పార్ట్‌టైమ్‌లో నడుస్తోంది. నా వర్క్‌లోడ్, పిల్లల రిజల్ట్స్, పేపర్లు రెజ్యూమేలో ఎలా పెట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు:

మీ రెజ్యూమేని ఒక్కరే చదవరు. హెచ్‌ఓడీ చూపు మీరు చెప్పిన సబ్జెక్టుల మీద పడుతుంది, ప్రిన్సిపాల్ రిజల్ట్స్ చూస్తారు, రీసెర్చ్ డీన్ నేరుగా పేపర్ల పేజీకి వెళ్తారు. ముగ్గురూ అడిగేది మాత్రం ఒకటే: ఈ అంకె ఎంతమందిలో, ఏ సెమిస్టర్‌లో, దీనికి కాగితం ఏది? ‘అద్భుతమైన ఫలితాలు సాధించాను’ అన్న వాక్యం ఈ ప్రశ్న ముందు నిలవదు. కాబట్టి మొదటి పేజీలోని ఆబ్జెక్టివ్ పేరాని, చివర్లోని హాబీలను తీసేసి, ఆ చోటు ఈ మూడింటికీ ఇవ్వండి.

వర్క్‌లోడ్ దగ్గర ఎక్కువమంది చేసే పొరపాటు పీరియడ్లను గంటలుగా రాయడం. ఉదాహరణకు మీకు సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ రెండు సెక్షన్లకు, వారానికి నాలుగేసి పీరియడ్లు ఉన్నాయనుకుందాం. అవి 8. రెండు ట్యుటోరియల్స్. మూడేసి పీరియడ్ల ల్యాబ్ రెండు బ్యాచ్‌లకు, అంటే 6. మొత్తం 16. పీరియడ్ 50 నిమిషాలదైతే అది 800 నిమిషాలు, అంటే 13 గంటల 20 నిమిషాలు. యూజీసీ 2018 నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల ప్రత్యక్ష బోధన అని ఉంది కాబట్టి ‘16 గంటలు’ అని రాసేయాలనిపిస్తుంది. కానీ ఇంటర్వ్యూలో టైమ్‌టేబుల్ అడిగితే అక్కడే దొరికిపోతారు. ‘వారానికి 16 పీరియడ్లు, ఒక్కోటి 50 నిమిషాలు, థియరీ 8, ట్యుటోరియల్ 2, ల్యాబ్ 6’ అని విడదీసి రాయండి. ల్యాబ్‌ను ఒక్కో చోట ఒక్కోలా లెక్కగడతారు, అందుకే మొత్తం ఒక్కటే ఇస్తే చదివేవాళ్లకు పనికిరాదు. ల్యాబ్‌లో మీరు ఇన్‌చార్జా, రెండో ఫ్యాకల్టీగా నిలబడ్డారా అన్నది కూడా చెప్పండి. ఇద్దరూ ‘నేనే నడిపాను’ అని రాసుకోవడం మామూలే కాబట్టి, ప్రయోగాల మాన్యువల్ ఎవరు తయారుచేశారని తప్పకుండా అడుగుతారు.

ఆరేళ్లలో పన్నెండు సెమిస్టర్ల లోడ్ మొత్తం పేర్చక్కర్లేదు. సబ్జెక్టుల వారీగా ఒక చిన్న పట్టిక చాలు: సబ్జెక్టు పేరు, ఏ సంవత్సరం విద్యార్థులకు, ఏ రెగ్యులేషన్, ఎన్నిసార్లు చెప్పారు. ‘సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, బీటెక్ రెండో ఏడాది, ఆర్18లో 3 సార్లు, ఆర్22లో 2 సార్లు’ అంటే హెచ్‌ఓడీకి రెండు విషయాలు వెంటనే తెలుస్తాయి. మీరు ఈ సబ్జెక్టును మళ్లీ మళ్లీ చెప్పి గట్టిపడ్డారు, కొత్త సిలబస్‌కీ అలవాటు పడ్డారు. పద్నాలుగు సబ్జెక్టుల జాబితా ఇస్తే మాత్రం ఖాళీగా ఉన్న క్లాసులన్నీ మీ మీద వేశారనే అర్థమవుతుంది. నాలుగైదు చాలు. మొదట రాసిన సబ్జెక్టు మీదే ఎక్స్‌పర్ట్ ప్రశ్నలు మొదలుపెడతారు, డెమో క్లాసు కూడా అందులోనే అడగొచ్చు. కాబట్టి చాక్‌పీస్ పట్టుకుని వెంటనే మొదలుపెట్టగలిగినదాన్నే పైన పెట్టండి.

ఎన్‌బీఏ ఫైళ్లు, ఎగ్జామ్ బ్రాంచ్, మెంటరింగ్ లాంటి పనులను లోడ్‌లో కలపకుండా విడిగా రెండు వాక్యాల్లో ముగించండి. ‘ఎన్‌బీఏ కోఆర్డినేటర్’ అనే హోదా కన్నా, ‘క్రైటీరియన్ 3 ఫైళ్లు, రెండు అకడమిక్ ఇయర్స్‌వి, తయారుచేశాను’ అన్నది నమ్మదగ్గ మాట.

ఇక రిజల్ట్స్. అన్నిటికన్నా ఎక్కువగా అనుమానించేది ఈ భాగాన్నే, అందుకే ఇక్కడ ఓపిగ్గా రాయండి. ‘పాస్ 85 శాతం’ అన్నప్పుడు భాగహారంలో కింద ఏముంది? సెక్షన్‌లో రిజిస్టరైనవాళ్లు 62, పరీక్ష రాసినవాళ్లు 60, పాసైనవాళ్లు 51 అనుకుందాం. రాసినవాళ్లలో లెక్కిస్తే 85 శాతం, రిజిస్టరైనవాళ్లలో 82.3 శాతం. హాజరు చాలక డిటెయిన్ అయినవాళ్లను వదిలేస్తే ఏ క్లాసు శాతమైనా పెరుగుతుందని చదివేవాళ్లకు తెలుసు. అందుకే ‘62 / 60 / 51’ అని మూడు అంకెలూ ఇచ్చేయండి. అది మొదటి ప్రయత్నంలోనిదా, సప్లిమెంటరీ కలిపినదా, రీవాల్యుయేషన్ ముందుదా తర్వాతదా అన్నది కూడా ఒక్క మాటలో చెప్పండి.

ఆ శాతం ఎక్కువో తక్కువో తెలియాలంటే పక్కన ఒక పోలిక ఉండాలి. అదే సెమిస్టర్‌లో, అదే సబ్జెక్టులో మిగతా సెక్షన్ల సగటు గానీ, కిందటి ఏడాది అదే సబ్జెక్టు ఫలితం గానీ ఇవ్వండి. సహోద్యోగి పేరు రాయకూడదు, ‘మిగతా రెండు సెక్షన్ల సగటు 74 శాతం’ అంటే సరిపోతుంది. కిందటి ఏడాదితో పోల్చేటప్పుడు రెగ్యులేషన్ మారిందేమో చూసుకోండి. సిలబస్, ఇంటర్నల్ మార్కుల వాటా మారిన ఏడాదిలో శాతం పెరిగితే ఆ ఘనత మీ బోధనదని చెప్పడం కుదరదు. ఫలితం తక్కువ వచ్చిన సబ్జెక్టు ఉంటే దాచకండి. పట్టికలో ఐదు సబ్జెక్టులకు ఫలితాలిచ్చి ఆరోదానికి ఖాళీ వదిలితే, కళ్లన్నీ ఆ ఖాళీ మీదికే వెళ్తాయి.

సీఓ అటైన్‌మెంట్ అంకెలు పెట్టాలా అని చాలామందికి సందేహం. పెట్టండి, కానీ అన్నీ 3కి 3 అని మాత్రం కాదు. అనుబంధ కాలేజీలో యూనివర్సిటీ పరీక్షకు సాధారణంగా మొత్తం మార్కులే చేతికి వస్తాయి, ప్రశ్నల వారీగా రావు. అందుకని ఎక్స్‌టర్నల్ విలువను అన్ని సీఓలకూ ఒకేలా వేస్తారు. తేడా కనిపించేదల్లా మిడ్ పరీక్షల్లోనే. ఎన్‌బీఏ పని తెలిసినవాళ్లకు ఈ సంగతి తెలుసు కాబట్టి, మిడ్ నుంచి తీసిన ఒక్క నిజమైన మార్పు చూపిస్తే నిండు పట్టిక కన్నా బాగా పనిచేస్తుంది.

ఇలా రాయొచ్చు: ‘కన్వల్యూషన్ సీఓలో, మిడ్‌లో 60 శాతం మార్కులు దాటినవాళ్లు 60 మందిలో 27. గ్రాఫ్ గీసి చేసే లెక్కల్లో హద్దులు తప్పుతున్నారని జవాబు పత్రాల్లో కనిపించింది. తర్వాతి ఏడాది ల్యాబ్‌లో ఒక సిగ్నల్‌ను జరుపుతూ చూపే ప్రోగ్రామ్ చేయించి, ట్యుటోరియల్‌లో వారానికో లెక్క ఇచ్చాను. 60 మందిలో 39 మంది దాటారు.’ 45 శాతం 65 శాతమైంది. లోపం ఏమిటి, ఎక్కడ పట్టుకున్నారు, ఏం మార్చారు, ఎంత మారింది, అన్నీ నాలుగు వరుసల్లో ఉన్నాయి. రెండేళ్లూ మిడ్ పేపర్ ఒకే స్థాయిలో ఉందా అని అడుగుతారు. రెండు పేపర్లూ అనుబంధంలో జతచేస్తే ఆ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంటుంది.

ఫీడ్‌బ్యాక్ స్కోర్ రాస్తే ఎంతమంది ఇచ్చారో కూడా రాయండి: ‘5కి 4.3, 62 మందిలో 48 మంది’. ప్లేస్‌మెంట్స్ మీ ఖాతాలో వేసుకోవద్దు, అవి కాలేజీవి. ప్రాజెక్టుల సంగతి వేరు. ఎన్ని బ్యాచ్‌లకు గైడ్ చేశారు, వాటిలో ఏది కాన్ఫరెన్స్ పేపర్ దాకా వెళ్లింది అన్నది నిక్కచ్చిగా మీదే.

రీసెర్చ్‌లో ‘12 పబ్లికేషన్స్’ అని ఒకే కుప్పగా పోయకండి. ఎస్‌సీఐఈ లేదా స్కోపస్‌లో ఉన్న జర్నల్ పేపర్లు ఒక చోట, కాన్ఫరెన్స్ ప్రొసీడింగ్స్ ఇంకో చోట, పుస్తకాల్లో అధ్యాయాలు మరో చోట ఉండాలి. ఐఈఈఈ ఎక్స్‌ప్లోర్‌లో కనిపించే కాన్ఫరెన్స్ పేపర్‌ను ‘ఐఈఈఈ జర్నల్’ అని రాస్తే, ఆ ఒక్క మాటతో మిగతా పదకొండింటి మీదా నమ్మకం పోతుంది. ప్రతి పేపర్‌కీ డీఓఐ, రచయితల వరుసలో మీ స్థానం, కరస్పాండింగ్ రచయిత మీరైతే ఆ మాట ఇవ్వండి. ఆ స్థానానికి విలువ ఉంది: యూజీసీ 2018 రీసెర్చ్ స్కోర్‌లో ఇద్దరికి మించి రచయితలున్నప్పుడు మొదటి లేదా కరస్పాండింగ్ రచయితకు 70 శాతం, మిగతావాళ్లకు తలా 30 శాతం వస్తుంది.

అప్లై చేసే ముందు ప్రతి జర్నల్‌నూ స్కోపస్ సోర్సెస్ పేజీలో వెతికి, కవరేజ్ సంవత్సరాలు చూడండి. జర్నల్‌ను స్కోపస్ మధ్యలో ఆపేసి ఉండొచ్చు. మీ పేపర్ ఆ సంవత్సరాల లోపలిదైతే అలాగే రాయండి, బయటిదైతే స్కోపస్ పేరు తీసేయండి. యూజీసీ-కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఆపేశారు కాబట్టి, ఇప్పుడు ‘యూజీసీ-కేర్ జర్నల్’ అని వర్తమానంలో రాస్తే పాత రెజ్యూమే దులిపి పంపినట్టు ఉంటుంది. పేపర్ వచ్చిన ఏడాది ఆ జర్నల్ జాబితాలో ఉంటే, ‘2022లో, అప్పటి కేర్ జాబితాలోని జర్నల్’ అనండి.

పేటెంట్ల విషయంలో కూడా ఇదే జాగ్రత్త. పేటెంట్ జర్నల్‌లో పబ్లిష్ కావడం అంటే దరఖాస్తు బయటికి వచ్చిందని మాత్రమే, హక్కు వచ్చిందని కాదు. డిజైన్ రిజిస్ట్రేషన్ అసలు పేటెంటే కాదు. దరఖాస్తు నంబర్ వేసి, ‘పబ్లిష్డ్’ లేదా ‘గ్రాంటెడ్’ అని స్పష్టంగా రాయండి. ఎనిమిదిమంది పేర్లున్న దానిలో మీరు చేసిన భాగం ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పలేకపోతే దాన్ని తీసేయడమే మేలని నా అభిప్రాయం.

పీహెచ్‌డీకి ‘పర్స్యూయింగ్’ అన్న మాట ఒక్కటే చాలదు. ఏ యూనివర్సిటీ, పార్ట్‌టైమ్, అడ్మిషన్ నెల, ప్రీ-పీహెచ్‌డీ పరీక్షలు ఎప్పుడు పాసయ్యారు, ఎన్ని రివ్యూలు పూర్తయ్యాయి, థీసిస్ ఎప్పటికి సమర్పిస్తారు అన్నవి ఒక వరుసలో పెట్టండి. కోర్సు‌వర్క్ మధ్యలో ఉన్నవాళ్లూ, థీసిస్ ఇచ్చి వైవా కోసం చూస్తున్నవాళ్లూ ఒకే మాట రాస్తే, ముందున్నవాళ్లకే నష్టం.

మన పేర్లతో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఒక పేపర్లో ఇంటిపేరు పూర్తిగా ముందు, ఇంకోదాంట్లో పొడి అక్షరంగా, మూడోదాంట్లో చివర ఉంటుంది. దాంతో స్కోపస్‌లో మీకు రెండు మూడు ప్రొఫైల్స్ తయారై, సైటేషన్లు వాటి మధ్య చీలిపోతాయి. డీన్ వెతికినప్పుడు మూడు పేపర్లే కనిపిస్తే మీరు రాసిన ఏడు అబద్ధంలా తోస్తాయి. ముందే స్కోపస్‌లో ప్రొఫైల్స్ కలపమని అభ్యర్థన పెట్టి, ఆర్కిడ్ ఐడీలో పేపర్లన్నీ చేర్చి, ఆ రెండు లింకులూ మొదటి పేజీలో మీ పేరు కిందే ఇవ్వండి. ఈ మార్పు జరగడానికి సమయం పడుతుంది కాబట్టి నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగొద్దు. హెచ్-ఇండెక్స్ రాస్తే గూగుల్ స్కాలర్‌దా, స్కోపస్‌దా, ఏ తేదీన చూశారో కూడా రాయాలి. ఒకే మనిషికి రెండు చోట్లా రెండు అంకెలు ఉంటాయి.

చివరగా మీ ఆరేళ్లు. చేరిన తేదీ, ఇప్పటి హోదా, యూనివర్సిటీ ర్యాటిఫికేషన్ అయితే దాని తేదీ, ఇవి మొదటి పేజీలోనే ఉండాలి. కొన్ని చోట్ల ర్యాటిఫికేషన్ తర్వాతి సర్వీసునే లెక్కలోకి తీసుకుంటారు. కాబట్టి రెండు తేదీలూ ఇచ్చి, ఒక్కోదాని నుంచి ఎన్నేళ్లు ఎన్ని నెలలో లెక్కగట్టండి. ఆ తేదీలు సర్వీస్ సర్టిఫికెట్‌లోనూ ఫారం 16లోనూ పీఎఫ్ సర్వీస్ హిస్టరీలోనూ ఒకదానితో ఒకటి కలవాలి. పీఎఫ్‌లో చేరిన తేదీ ఆలస్యంగా పడి ఉంటే, నియామక పత్రం కాపీ జతచేసి పక్కన ఒక వాక్యంలో కారణం రాయండి.

రెజ్యూమే మూడు పేజీలు దాటనివ్వకండి. టైమ్‌టేబుల్, రిజల్ట్స్ షీట్లు, మిడ్ పేపర్లు, పేపర్ల మొదటి పేజీలు విడిగా ఒక పీడీఎఫ్‌గా కట్టి, ఒక్కోదానికి అనుబంధం 1, 2, 3 అని నంబర్ వేయండి. రెజ్యూమేలో ‘62 / 60 / 51’ అన్న చోట పక్కనే ‘అనుబంధం 4’ అని ఉంటే, చదివేవాళ్లు నేరుగా ఆ షీట్ తెరుస్తారు.