ఒక్క కేసుతో ‘తిప్పతీగ వల్లే’ అని రాయొచ్చా?

ప్రశ్న: జనరల్ మెడిసిన్ పీజీ చేస్తున్నాను. ఆరు వారాలు తిప్పతీగ కషాయం తాగిన మహిళ కామెర్లతో మా వార్డులో చేరారు. కాలేయ ఎంజైమ్ ఏఎల్‌టీ 860. హెపటైటిస్ ఏ, బీ, సీ నెగెటివ్. కషాయం మానేశాక నాలుగు వారాల్లో 120కి దిగింది. ‘తిప్పతీగ వల్లే కాలేయం దెబ్బతిందని ఈ కేసు రుజువు చేస్తోంది’ అని కేస్ రిపోర్ట్ ముగించాను. మా గైడ్ ‘కావచ్చేమో’ అని మార్చమంటున్నారు. ఏది సరైనది?

డాక్టర్ సలహా: ‘రుజువు’ అనే మాట తీసేయండి. అలాగని ‘కావచ్చేమో’తో సరిపెట్టకండి. అనుమానం ఎంత, ఎందుకు అన్నది అందులో తెలియదు.

మీరు రాసిన పరీక్షల్లో హెపటైటిస్ ఈ లేదు. నాకు అన్నిటికంటే పెద్ద లోటు అదే. మన దేశంలో అకస్మాత్తుగా వచ్చే కామెర్లకు అది చాలా మామూలు కారణం. పైగా ఎక్కువమందిలో కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. అంటే మీ రోగికి హెపటైటిస్ ఈ ఉన్నా, కషాయం మానినా మానకపోయినా ఏఎల్‌టీ ఇలాగే దిగి ఉండేది. మీరు బలమైన ఆధారం అనుకుంటున్న ఆ తగ్గుదల ఈ రెండు కారణాలనూ విడదీయలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే కారణ నిర్ధారణ పద్ధతిలో వేరే జబ్బుతోనూ వివరించగలిగితే ఆ కేసు ‘పాజిబుల్’ దగ్గరే ఆగుతుంది. కాబట్టి ఇప్పటికి ఇలా రాయండి: ‘కషాయం కారణమయ్యే అవకాశం ఉంది, హెపటైటిస్ ఈ పరీక్ష చేయనందున దాన్ని తోసిపుచ్చలేం.’

అడ్మిషన్ నాటి సీరం దాచి ఉంటే హెపటైటిస్ ఈ ఐజీఎం పరీక్ష చేయించండి. ఆటోఇమ్యూన్ హెపటైటిస్ కోసం ఏఎన్ఏ, ఐజీజీ కూడా చూడండి. తిప్పతీగ వాడినవారిలో ఆ జబ్బు బయటపడిన కేసులు మన దేశం నుంచే ప్రచురితమయ్యాయి. స్కాన్ బాగుండి, వేరే మందులేవీ వాడలేదని తేలి, ఇవన్నీ నెగెటివ్ వస్తే ‘పాజిబుల్’కు పై మెట్టైన ‘ప్రాబబుల్’ అని ధైర్యంగా రాయొచ్చు. అప్పుడు కూడా ‘కావచ్చేమో’ అనడం తప్పే, చేతిలో ఉన్న ఆధారాన్ని తక్కువ చేసినట్టవుతుంది. అంతకుమించి వెళ్లాలంటే మళ్లీ కషాయం ఇచ్చి చూడాలి. కాలేయం విషయంలో ఆ ప్రయోగం ప్రాణాలమీదికి తేవచ్చు, చేయకూడదు.

ఇంకో సంగతి, ఆమె తాగింది తిప్పతీగేనని ఎవరు గుర్తించారు? దాన్ని పోలిన మరో తీగ జాతి కూడా ఉంది. మిగిలిన కాడను వృక్షశాస్త్ర విభాగానికి చూపించలేదంటే ‘తిప్పతీగగా చెప్పిన కషాయం’ అనే రాయాలి.

అయితే ఈ జాగ్రత్తను కళ్లారా చూసిన వాటికి పూయకండి. ‘ఏఎల్‌టీ 860 ఉన్నట్టు అనిపించింది’ అని ఎవరూ రాయరు కదా. అంకెలు, తేదీలు సూటిగా చెప్పండి, కారణం దగ్గరే ఆచితూచి రాయండి. ‘తిప్పతీగ అందరికీ ప్రమాదకరం’ అనే చివరి వాక్యం ఉంటే కొట్టేయండి. ఎంతమంది తాగితే ఎంతమందికి ఇలా అయిందో ఒక్క రోగి చెప్పలేరు. ‘కామెర్లతో వచ్చినవారిని మూలికల వాడకం గురించి అడగాలి’ అని చెప్పడానికి మాత్రం ఈ కేసు చాలు.